అనంతపురం నుంచి విదేశానికి: రెండు మెయిళ్లు

వేరుశనగలో కరువును తట్టుకునే గుణంపై పీహెచ్‌డీ చేస్తున్న నేను, అదే అంశంపై పనిచేస్తున్న విదేశీ పరిశోధకురాలికి రెండు మెయిళ్లు రాసి పక్కపక్కన పెట్టి చూశాను.

మొదటిదాంట్లో నా చదువు, ఆవిడ మీద గౌరవం, చివర్లో "కలిసి పనిచేసే అవకాశం ఇవ్వండి" అన్న మాట. ఆవిడ ఏం చేయాలో అందులో లేదు. అలాంటి మెయిల్‌కు జవాబివ్వడం ఎవరికైనా కష్టమే.

రెండోది చిన్నది: "అనంతపురం ఎర్రనేలల్లో కదిరి-6తో కలిపి 12 రకాలపై రెండు ఖరీఫ్‌ల స్పాడ్ మీటర్ రీడింగులు నా దగ్గరున్నాయి. ఆకు పచ్చదనం నీటి వినియోగ సామర్థ్యాన్ని ఎంతవరకు చెబుతుందో కార్బన్ ఐసోటోపుల కొలతతో సరిచూడాలి. ఆ పరికరం మాకు లేదు. మీ పాత కొలతలతో నా రీడింగులు పోల్చడానికి అరగంట మాట్లాడగలరా?"

నేను రెండోదే పంపాను. ఎవరి దగ్గర ఏముందో, ఎవరికి ఏం కావాలో అందులో తెలుస్తుంది. ఆకులు పంపుతానని మాత్రం రాయలేదు. అవి దేశం దాటాలంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద అనుమతులు చూసుకోవాలి. రీడింగులు పంచుకోవడానికి కూడా ముందే గైడ్‌గారి ఒప్పుకోలు తీసుకుని, ఆయన్ని కాపీలో పెట్టాను.