సిద్ధంగా లేనంటూనే కలుస్తుంటే: ఆగాలా, అడగాలా, తప్పుకోవాలా?

నా స్నేహితురాలికి డేటింగ్ యాప్‌లో పరిచయమైన ఒకతను గట్టి బంధానికి ఇంకా సిద్ధంగా లేనని మొదట్లోనే చెప్పాడు. అయినా వారం వారం కలుస్తూనే ఉన్నాడు. మాటను నమ్మాలా, కలవడాన్ని నమ్మాలా అని ఆమె నన్ను అడిగింది. మాటనే నమ్మమన్నాను. కలవడానికి ఇష్టం చాలు, బంధానికి నిర్ణయం కావాలి. ఇష్టం ఉండి నిర్ణయం లేకపోవడం మోసమే కానక్కర్లేదు.

ఇలాగే కొనసాగడం ఒక దారి. తనకూ సరదా సాంగత్యమే కావాలంటే అందులో తప్పేమీ లేదు. తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది: రేపు అతను వేరొకరితో స్థిరపడ్డానని చెబితే మనసారా అభినందించగలదా? లేనని ఆమె వెంటనే చెప్పింది. అలాంటప్పుడు మౌనంగా ఎదురుచూడటం చాలా కష్టం. ఒకరోజు ఆప్యాయత, నాలుగు రోజులు మౌనం. ఎప్పుడు దొరుకుతుందో తెలియని ఆహారం కోసం జంతువులు ఎక్కువకాలం ప్రయత్నిస్తూనే ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాల్లో తేలింది. ఆశ ఎందుకు తెగదో నాకు అక్కడే అర్థమవుతుంది.

నాకు మేలనిపించేది అడగడం. అర్ధరాత్రి మెసేజీలో కాదు, పగటిపూట ఎదురుగా కూర్చుని: "నాకు స్థిరమైన బంధం కావాలి. నువ్వు అప్పుడు వద్దన్నావు. ఇప్పుడేమైనా మారిందా?" ఆపై ఒక నెల గడువు మనసులో పెట్టుకోవాలి. అది అతనికి బెదిరింపు కాదు, తన కాలానికి తాను గీసుకున్న హద్దు. ఆ నెలలో ఎన్నిసార్లు కలిశారన్నది లెక్కలోకి రాదు. అతను వచ్చే నెల సంగతి ముందే మాట్లాడుతున్నాడా, తన స్నేహితులకు పరిచయం చేశాడా, ఇతరులను కలవడం మానేశానని తనంతట తాను చెప్పాడా అన్నవే చూడాలి.

ఆమె అలాగే అడిగింది. అతను "ఇప్పుడు బాగానే ఉంది కదా, చూద్దాం" అన్నాడు. మొదటి రెండు వారాలు ఫోన్లు పెరిగాయి, తర్వాత మళ్లీ పాత తీరే. చాలామంది ఇక్కడే మోసపోతారు, పెరిగిన ఫోన్లను మారిన మనసు అనుకుంటారు. ఆమె అలా అనుకోలేదు. గడువు ముగిశాక కలవడం ఆపేసింది.

గడువేమీ పెట్టుకోకుండానే తప్పుకోవలసిన సందర్భాలూ ఉన్నాయి. ఒకసారి అడిగి స్పష్టంగా కాదనిపించుకున్నా, ఆమె ఉనికినే అతను అందరి దగ్గరా దాస్తున్నా, మరో నెల ఇవ్వడం వృథా.

ఆపేశాక కొన్ని వారాలకు "ఎలా ఉన్నావు?" అని మెసేజీ రావచ్చు, ఆమెకూ వచ్చింది. అందులో బంధం ఊసే లేదు. కలుద్దామా అనడం వేరు, సిద్ధంగా ఉన్నాననడం వేరు. మొదటిదానికి ఆమె మర్యాదగా వద్దని జవాబిచ్చింది. రెండోది వచ్చి ఉంటే కూర్చుని మాట్లాడమనే చెప్పేదాన్ని.