ఆటో రొటేట్ ఆన్‌లోనే ఉంచాలా, లాక్ చేసి బటన్ వాడాలా, మొహం చూసి తిప్పే ఆప్షన్ పెట్టుకోవాలా: ఏది మేలు?

తిరగాల్సినప్పుడు స్క్రీన్ తిరగదు, పడుకుని ఏదైనా చదువుకుంటుంటే మాత్రం టక్కున అడ్డం తిరిగిపోద్ది, అసలు ఆటో రొటేట్ ఆన్‌లో పెట్టాలా తీసెయ్యాలా అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే ఒకసారి కూర్చుని మూడు పద్ధతులూ పోల్చి రాస్తున్నా. ఎక్కువగా ఆండ్రాయిడ్ గురించే, ఐఫోన్ సంగతి చివర్లో రెండు ముక్కలు చెప్తా.

నా లెక్కలో ఇక్కడ తేల్చేసే పాయింట్ ఒక్కటే. ఫోన్‌కి భూమి ఎటుందో తెలుసు గానీ మీ మొహం ఎటుందో తెలీదు. చాలామంది తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్ పాడైంది అనుకుంటారు కానీ ఈ పనికి గైరో అవసరం లేదు, తిప్పాలా వద్దా అనేది ప్రధానంగా భూమి లాగుడు ఎటుందో పట్టే యాక్సిలెరోమీటర్ అనే సెన్సర్ చూసే తేలుతుంది. ఫోన్‌ని కదపకుండా నిలువుగా పట్టుకుంటే దాని నిలువు అక్షం y మీద ఆ లాగుడు 9.8 దాకా చూపిస్తుంది, పక్కకి తిప్పితే ఆ 9.8 కాస్తా అడ్డం అక్షం x మీదకి పోతుంది, బల్ల మీద వెల్లకిలా పెడితే మొత్తం స్క్రీన్‌లోంచి బయటికి వచ్చే అక్షం z మీదకి పోయి x, y రెండూ సున్నా దగ్గరకి వచ్చేస్తాయి. బల్ల మీద ఫోన్‌ని ఎటు తిప్పినా స్క్రీన్ కదలకపోవడానికి కారణం ఇదే, అది రిపేరు కాదు, ఎటు అడ్డమో ఎటు నిలువో చెప్పడానికి సెన్సర్ దగ్గర ఏమీ మిగల్లేదంతే.

ఇంకో సంగతి, సరిగ్గా 45 డిగ్రీల దగ్గర గీత గీసి ఇటైతే నిలువు అటైతే అడ్డం అంటే చెయ్యి కొంచెం వణికినా స్క్రీన్ అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది. అందుకని ఆండ్రాయిడ్ సొంత కోడ్‌లో మధ్యలో పెద్ద ఖాళీ వదిలారు. నిలువు నుంచి అడ్డానికి పోవాలంటే దాదాపు 67 డిగ్రీలు దాటాలి, అడ్డం నుంచి మళ్లీ నిలువుకి రావాలంటే దాదాపు 22 కిందకి దిగాలి, ఆ మధ్యలో ఉన్నంతసేపు ముందు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. కొన్ని ఫోన్లలో ఈ నిర్ణయం సెన్సర్ చిప్పే తీసుకుంటుంది కాబట్టి అంకెలు అటూ ఇటూ ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు మంచం మీద ఏం జరుగుతుందో చూడండి. దిండు మీద పక్కకి ఒరిగి, ఫోన్ మీ కళ్లకి నిలువుగానే పట్టుకున్నారు, కానీ భూమి లెక్కలో అది 50 డిగ్రీలు వాలింది. y మీద 6.3, x మీద 7.5. x ఎక్కువే అయినా 67 దాటలేదు కాబట్టి స్క్రీన్ నిలువుగానే ఉంది. ఇంకాస్త కిందకి జారారు, 75 డిగ్రీలు, x మీద 9.5, y మీద 2.5, స్క్రీన్ తిరిగిపోయింది. అరెరే అని మళ్లీ లేచి ఇందాకటి 50 దగ్గరకే వచ్చారు, అయినా తిరిగి రాదు! ఇందాక అదే కోణంలో బాగానే ఉన్న ఫోన్ ఇప్పుడు మొండికేసినట్టు అనిపిస్తుంది, నిజానికి 22 కిందకి వచ్చేదాకా అది అడ్డంగానే ఉంటుంది, అంటే మీరు దాదాపు నిటారుగా లేచి కూర్చోవాలి లేదా ఫోన్‌నే భూమికి నిటారుగా తెచ్చి మళ్లీ వాల్చుకోవాలి. సెన్సర్ చెప్పింది తప్పేం కాదు, దానికి మీరు పడుకున్న సంగతి తెలీదు అంతే. తమాషా ఏంటంటే వెల్లకిలా పడుకుని ఫోన్ మొహం మీదకి పట్టుకునేవాళ్ల గురించి మాత్రం ఆ కోడ్ రాసినవాళ్లు ఆలోచించారు, ఆ భంగిమని గుర్తుపట్టి స్క్రీన్‌ని కదలకుండా ఆపేస్తారు, పక్కకి తిరిగి పడుకునేవాళ్లనే ఎవరూ పట్టించుకోలేదు.

ఇక పద్ధతులకొద్దాం.

ఎప్పుడూ ఆన్‌లో ఉంచడం: కూర్చునో నిలబడో ఫోన్ వాడేవాళ్లకి ఇది హాయి, ఏ బటనూ నొక్కక్కర్లేదు. పైన చెప్పిన మంచం తంటా మాత్రం మొత్తం దీనిదే.

మొహం చూసి తిప్పడం: 2021లో ఆండ్రాయిడ్ 12తో పిక్సెల్ ఫోన్లకి వచ్చింది, ముందు కెమెరాతో మీ తల ఎటు వాలిందో చూసి దాని ప్రకారం తిప్పుతుంది. ఆలోచన పరంగా అసలైన మందు ఇదే, ఎందుకంటే ఫోన్‌కి తెలియని ఆ ఒక్క విషయాన్నీ ఇదే తెలుసుకుంటుంది, బొమ్మలు ఫోన్ దాటి బయటికి కూడా పోవు. కానీ బ్యాటరీ సేవర్ ఆన్ చేస్తే పనిచేయదు, కెమెరా యాక్సెస్ ఆపేస్తే పనిచేయదు, వేలు కెమెరాకి అడ్డం వచ్చినా లైటు ఆర్పేసి దుప్పట్లో దూరినా దానికి మొహం సరిగ్గా కనపడదు. పక్కకి పడుకుని ఫోన్ చూసేది ఎక్కువగా ఎప్పుడు మరి? లైటు ఆర్పాకే కదా.

లాక్ చేసి బటన్ వాడడం: నేను వాడేది ఇదే. 2018లో ఆండ్రాయిడ్ 9 నుంచి, ఆటో రొటేట్ ఆఫ్‌లో ఉన్నా మీరు ఫోన్ తిప్పగానే స్క్రీన్ మూలన చిన్న రొటేట్ గుర్తు కాసేపు కనిపించి పోతుంది. నొక్కితే తిరుగుతుంది, వదిలేస్తే లేదు. అంటే సెన్సర్ సలహా ఇస్తుంది, తేల్చేది మీరు. మంచం మీద 75 డిగ్రీలకి జారినప్పుడు ఆ గుర్తు వస్తుంది, పట్టించుకోకండి, అదే పోతుంది. వీడియో అడ్డంగా కావాలంటే ఒక్క నొక్కు. ఇందులో ఒక మెలిక ఉంది, అడ్డంగా తిప్పాక లాక్ ఇప్పుడు అడ్డానికి పడింది కాబట్టి మళ్లీ నిలువుకి రావడానికి ఫోన్ తిప్పి ఇంకోసారి నొక్కాలి, ఇది తెలియక ఫోన్ ఇరుక్కుపోయింది అనుకుంటారు. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ గుర్తు రాదు, అలాంటప్పుడు పై రెండిట్లో ఒకటి చూసుకోవాలి.

ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్‌లో ఉండేది నిలువు లాక్ ఒక్కటే, వీడియో యాప్‌లు ఫుల్ స్క్రీన్ చేస్తే వాటంతట అవే అడ్డం తిప్పుకుంటాయి కాబట్టి ఆ లాక్ వేసి ఉంచితే చాలామందికి సరిపోతుంది. రొటేషన్ కోసం విడిగా దొరికే యాప్‌లు అడ్డం తిరగని యాప్‌ని బలవంతంగా తిప్పడానికి తప్ప నాకు పెద్ద ఉపయోగం కనపడలేదు.

ఏది ఎంచుకున్నా అసలు తిరగడమే లేదంటే ముందు సెన్సర్ చూడండి. ఏదైనా సెన్సర్ యాప్ తెరిచి ఫోన్‌ని నిలువుగా, పక్కకి, వెల్లకిలా పెట్టి చూస్తే 9.8 వరసగా y, x, z మీదకి మారాలి, పక్కకి ఎటు తిప్పారో బట్టి మైనస్ రావచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు. అంకెలు బిగుసుకుపోయినట్టు ఉంటే రీస్టార్ట్ చేయండి, సెన్సర్ సాఫ్ట్‌వేర్ ఆగిపోయి ఉంటే దాంతో లేస్తుంది. అప్పటికీ కదలకపోతే హార్డ్‌వేరే. అయస్కాంతం ఉన్న కవర్ వల్ల అనుకుని కవర్ మార్చకండి, అయస్కాంతం దిక్సూచిని చెడగొడుతుంది గానీ దీన్ని కాదు. అంకెలు బాగానే మారుతున్నా తిరగట్లేదంటే లాక్ పడి ఉండాలి, లేదా ఆ యాప్ తయారుచేసినవాళ్లే నిలువుకి కట్టేసి ఉండాలి. కంప్యూటర్‌కి కలిపి చూసే అలవాటు ఉన్నవాళ్లు ఇది కొట్టండి:

```
adb shell settings get system accelerometer_rotation
```

0 వస్తే లాక్‌లో ఉంది. 1 వచ్చి కూడా ఒక్క యాప్ మాత్రమే తిరగట్లేదంటే అది ఆ యాప్ సంగతి, ఫోన్‌ని రిపేర్‌కి ఇవ్వక్కర్లేదు.