అమియాఁ, బోవే: నిలబడ్డ రాయి, కూలిన రాయి – రెండు రోజుల యాత్ర

పారిస్‌కు వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది నోత్రదామ్ ముందు ఫోటో తీసుకుని ఐఫిల్ టవర్ వైపు కదులుతారు. గోతిక్ చర్చిలు ఎలా కట్టారో అర్థం కావాలంటే మాత్రం పారిస్‌కు ఉత్తరాన ఉన్న రెండు ఊళ్లకు రెండు రోజులు ఇవ్వాలి. మొదటిది అమియాఁ. స్టేషన్ బోర్డుల మీద Amiens అని కనిపిస్తుంది. రెండోది బోవే, బోర్డు మీద Beauvais. రెండింటికీ గార్ దు నోర్ స్టేషన్ నుంచి రైళ్లున్నాయి, ప్రయాణం సుమారు గంటా పావు. మొదట అమియాఁ, తర్వాత బోవే చూడండి. నిలబడ్డ కట్టడం కళ్లకు అలవాటు కాకముందే కూలినదాన్ని చూస్తే లోపం ఎక్కడుందో పట్టుకోవడం కష్టం.

బస అమియాఁలో పెట్టుకోవడం మేలు. పెద్ద ఊరు కావడంతో స్టేషన్ పక్కనే అన్ని ధరల్లోనూ గదులుంటాయి, కెథడ్రల్‌కు నడిచి పదినిమిషాలు. బోవే చిన్న ఊరు, సాయంత్రమైతే సందడి తగ్గిపోతుంది. చవక విమానం బోవే విమానాశ్రయంలో దిగుతుంటే అక్కడ ఒక రాత్రి ఉండటంలో అర్థముంది. విమానాశ్రయం పేరులో పారిస్ ఉన్నా, పారిస్ అక్కడికి 80 కిలోమీటర్ల పైచిలుకు దూరం. బోవే కెథడ్రల్ మాత్రం దగ్గర్లోనే ఉంది.

అమియాఁ కెథడ్రల్ పని 1220లో మొదలైంది. రోబేర్ దు లుజార్ష్ మొదటి స్థపతి. తర్వాత తోమా దు కొర్మోఁ, ఆయన కొడుకు రెనో. పొడవు 145 మీటర్లు, లోపలి కప్పు 42 మీటర్ల పైన ఉంటుంది. లోపలికి వెళ్లగానే నేల మీద నల్ల, తెల్ల రాళ్ల చిక్కుదారి కనిపిస్తుంది. ముగ్గురు స్థపతుల పేర్లూ అందులో చెక్కారు. ఇప్పుడున్నది పాతదాన్ని చూసి 19వ శతాబ్దంలో మళ్లీ వేసినది. ప్రవేశం ఉచితం. బురుజు ఎక్కడానికి వేరే టికెట్, మూడొందలకు పైగా మెట్లు. మోకాళ్లు బాగుంటే ఎక్కండి, గోడలకు బయటి నుంచి ఆసరా ఇచ్చే ఊతకమానులు పైనుంచి చూస్తేనే వాటి వాలు అర్థమవుతుంది. ఆదివారం ఉదయం ప్రార్థన జరిగేటప్పుడు లోపల తిరగనివ్వరు, ఆ సమయాన్ని బయటి గోడలకు కేటాయించండి.

లోపల మొదట చూడాల్సింది కప్పు. గుండ్రటి కమానుతో ఒక చిక్కుంది: దాని ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగమే. నాలుగు స్తంభాల మధ్య ఒక గది 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉందనుకోండి. వెడల్పు మీద వేసిన గుండ్రటి కమాను 6 మీటర్లు లేస్తుంది, పొడవు మీదది 3 మీటర్లే. మూల నుంచి మూలకు వేసినదాని అడుగు దూరం 13.4 మీటర్లు కాబట్టి అది 6.7 మీటర్లు లేస్తుంది. మూడు కమానులు మూడు ఎత్తుల్లో ఆగితే వాటి మధ్య కప్పు అతుకులబొంతే. మొనతేలిన కమానుకు రెండు కేంద్రాలు, వాటిని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఇదే గదిలో వెడల్పు కమానును 6.75 మీటర్ల తాడుతో, పొడవు కమానును 9 మీటర్ల తాడుతో గీస్తే రెండూ 6.7 మీటర్ల ఎత్తుకే చేరతాయి, మూలకమానులతో సరిసమానంగా. లెక్క గీసి చూసుకోండి, సరిపోతుంది. మేస్త్రీలకు దీనికి కావలసింది చదునైన నేల, మేకు, తాడు. నేల మీద నిజపు కొలతలో గీసి, ఆ గీత ప్రకారం చెక్క అచ్చులు కోసి, రాళ్లు చెక్కేవాళ్లకు ఇచ్చేవాళ్లు. కమానుకు మొన ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. అంతే వెడల్పున్న గుండ్రటి కమానుకన్నా అది పక్కలకు తక్కువగా తోస్తుంది.

కప్పు కింద పక్కటెముకల్లా కనిపించే రాతి కమానులే రిబ్‌లు. కప్పు పనిలో ఇవి ముందు. మన మేస్త్రీలు సెంట్రింగ్ అనేదే అక్కడా ఉండేది, చెక్కతో చేసిన కమాను ఆకారపు ఆసరా. గోడల మీద కొయ్య పైకప్పు ముందే పూర్తయ్యేది. దాంతో వాన పడదు, రాళ్లు పైకి లాగే కప్పీలను దూలాలకు కట్టుకోవచ్చు. కమాను అడుగున ఉండే మొదటి కొన్ని వరుసలను గోడలోకి చొప్పించి అడ్డంగానే పేర్చేవాళ్లు, వాటికి సెంట్రింగ్ అక్కర్లేదు. ఆ పైన రిబ్ రాళ్లను రెండు వైపుల నుంచీ సమంగా పేర్చుకుంటూ వచ్చి, మధ్యలో కమానును బిగించే కీ స్టోన్ దించేవాళ్లు. ఆ తర్వాతే రిబ్‌ల మధ్య పలకలు పరిచి, పల్చని రాళ్లతో ఖాళీలు మూసేవాళ్లు. ఒక గది పూర్తయితే అదే చెక్క పక్క గదికి జరిగేది. అన్ని గదులూ ఒకే కొలతలో ఉండటానికి ఇది కూడా ఒక కారణం.

సెంట్రింగ్ ఎప్పుడు తీయాలన్నదే అసలు పరీక్ష. సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, మందమైన గోడ లోపలికి గాలి చేరడానికి నెలలు, కొన్నిచోట్ల ఏళ్లు పడుతుంది. తొందరపడితే కప్పు నడినెత్తి కిందికి దిగి, ఆసరాలు బయటికి జరుగుతాయి. అందుకే సెంట్రింగ్ కింద దూర్చిన చెక్క ముక్కలను ఒక్కొక్కటిగా సడలించి, చెక్కను మెల్లగా దించేవాళ్లు. కప్పు కదిలిందో లేదో మీరూ చూడవచ్చు: బైనాక్యులర్స్ పట్టుకుని నడినెత్తి వెంబడి పొడవునా చీలిక ఉందా, కిటికీ గోడకు సమాంతరంగా ఇంకో చీలిక ఉందా అని వెతకండి. చీలిక ఉన్నంత మాత్రాన ప్రమాదం కాదు. దాని మీద అడ్డంగా అతికించిన గాజుపట్టీ పగిలి ఉంటే కదలిక ఇంకా ఆగలేదని గుర్తు.

ఇప్పుడు బయటికి రండి. రిబ్‌లు కప్పు బరువును గోడంతా పరచకుండా నాలుగు మూలలకు తెస్తాయి. ఆ మూలల దగ్గర పక్కకు తోసే బలాన్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి, ఆ పని ఫ్లయింగ్ బట్రెస్‌లది. పక్క నడవా కప్పును దాటి ఇవతలి రాతి స్తంభం మీదికి వాలిన ఊతకమానులవి. మధ్యనున్న గోడకు మోయాల్సిందేమీ మిగలదు కాబట్టి అక్కడ అద్దాలు వచ్చాయి. ఊతకమానులు సాధారణంగా రెండు అంతస్తుల్లో ఉంటాయి. కిందిది కప్పు తోపును పట్టుకుంటుంది, పైది ఎత్తైన కొయ్య కప్పుకు తగిలే గాలిని. పై కమాను వీపు మీద కాలువ చెక్కి, వాననీళ్లను గార్గాయిల్ అనే రాతి బొమ్మ నోటి దాకా తెచ్చారు. స్తంభం తలమీది శిఖరం అలంకారమే కాదు, దాని బరువు తోపును కిందికి వంచుతుంది.

అమియాఁలో తూర్పు భాగానికి వెళ్తే రెనో దు కొర్మోఁ ఊతకమానులు జాలీలా కనిపిస్తాయి. చూపుకు అందంగా ఉన్నాయి గానీ పనిలో బలం చాలలేదు. తోపు తగిలే చోటుకన్నా ఎత్తులో పడటంతో, తర్వాతి తరం కింద ఇంకో వరుస కట్టాల్సి వచ్చింది. నడిమధ్య నాలుగు స్తంభాలు కూడా వంగడం మొదలుపెట్టాయి. 1497లో స్థపతి పియెర్ తారిజెల్ ఆధ్వర్యంలో లోపలి నడిమి అంతస్తు చుట్టూ ఎర్రగా కాల్చిన ఇనుప గొలుసు బిగించారు, చల్లారి కుంచించుకుని అదే గట్టిగా పట్టేసింది. ఆ స్తంభాల వంపును ఈరోజు కూడా కంటితో పట్టవచ్చు. మధ్యయుగపు రంగు అద్దాలు ఇక్కడ చాలా వరకు పోయాయి. అద్దాల కోసం వచ్చినవాళ్లకు నిరాశే, వాళ్లు షార్త్ర్ కెథడ్రల్‌కు వెళ్లాలి. రాయి చదవాలనుకునేవాళ్లకు మాత్రం ఈ తెల్లటి వెలుగే అనుకూలం, రిబ్‌ల అంచులు స్పష్టంగా తెలుస్తాయి.

రెండో రోజు బోవే. 1225లో మొదలైన ఈ చర్చి పూర్తికాలేదు, అందుకే చూడాలి. తూర్పు భాగం 1272 నాటికి లేచింది, కప్పు ఎత్తు 48 మీటర్లకు పైనే. మెదక్ చర్చి చూసినవాళ్లకు ఒక పోలిక: ఆ చర్చి బురుజు 175 అడుగులు, అంటే 53 మీటర్లు. దాదాపు అంత ఎత్తున ఇక్కడ లోపలి కప్పు ఉంది. పన్నెండేళ్లు నిలిచి, 1284 నవంబర్ 29న కప్పులో కొంత కూలింది. కారణం మీద నిపుణులంతా ఒక మాట మీద లేరు. స్తంభాల మధ్య దూరం మరీ ఎక్కువ, మరీ పొడవాటి స్తంభాలు, లోపల ఆరని సున్నం – ఇవి ఒక వాదన. ఊతకమానుల మధ్య స్తంభాలు తమ కింది స్తంభం అంచు దాటి కొంత బయటికి నిలిచాయనీ, గాలి వీచిన ప్రతిసారీ అక్కడ పగుళ్లు పెరిగాయనీ మరో వాదన. రెండోది బయటి నుంచి చూస్తేనే నమ్మబుద్ధేస్తుంది.

మరమ్మతు చూడటానికి లోపలికి వెళ్లి, వరుసలోని స్తంభాలు లెక్కపెట్టండి. పాత రెండు స్తంభాల మధ్య కొత్తది ఒకటి ఇరికించి ఉంటుంది, దానివల్ల కమానులు ఇరుకుగా, మొనలు మరీ నిటారుగా వచ్చాయి. తల పైకెత్తితే కప్పు నాలుగు భాగాలకు బదులు ఆరు భాగాలుగా చీలి ఉంటుంది. కప్పు కూలిన తర్వాత జాగ్రత్త ఎంత పెరిగిందో ఈ స్తంభాల ఒత్తు చెబుతుంది.

16వ శతాబ్దంలో చర్చికి శిలువ ఆకారమిచ్చే అడ్డభాగం కట్టి, 1569కి 153 మీటర్ల బురుజు నిలబెట్టారు. పడమటి వైపు ప్రధాన నడవా లేదు, అంటే నడిమి స్తంభాలకు ఆ పక్కనుంచి ఆనుకోవడానికి ఏమీ లేదు. మేస్త్రీలు వాలు గమనించి హెచ్చరించారు కూడా. 1573 ఏప్రిల్ 30న, పండుగ ఊరేగింపు బయటికి వెళ్లాక, బురుజు కూలింది. 20వ శతాబ్దంలోనూ ఇదే పాఠం ఇంకోసారి: ఊతకమానుల మధ్య ఇనుప కడ్డీలు అందవికారమని 1960లలో తీసేస్తే, గాలికి కమానులు ఊగడం మొదలైంది, కడ్డీలు తిరిగి పెట్టారు. లోపల ఇప్పుడు అడ్డంగా పెద్ద కొయ్య దూలాలు, ఉక్కు ఆసరాలు కనిపిస్తాయి. ఫోటోకు అడ్డమని విసుక్కునేవాళ్లుంటారు, నిజానికి అక్కడ ఎక్కువసేపు చూడాల్సింది వాటినే.

బోవేకు సగం రోజు చాలు. కెథడ్రల్ లోపలి ఖగోళ గడియారం ప్రదర్శనకు టికెట్ ఉంటుంది, పిల్లలుంటే వెళ్లండి, కట్టడం కోసమే వచ్చినవాళ్లు ఆ సమయాన్ని తూర్పు వీధిలో గడపడం లాభం. బయటికొచ్చాక పడమటి వైపు తప్పకుండా చుట్టి వెళ్లండి. నడవా రావాల్సిన చోట చిన్న పాత చర్చి ఒకటి, బాస్ ఎవ్ర్, మిగిలి ఉంది. కెథడ్రల్ కన్నా అది సుమారు రెండున్నర శతాబ్దాలు పాతది. కొత్త నడవా ముందుకొచ్చినకొద్దీ దాన్ని కూల్చుకుంటూ పోవాలన్నది అప్పటి పథకం, డబ్బు అక్కడిదాకా రాలేదు. దాని మందపు గోడలను, చిన్న కిటికీలను ముందు చూసి, తల తిప్పి పైకి చూడండి.