యాప్‌లలో సరౌండ్ సౌండ్ రాకపోతే: పాస్‌త్రూ మేలా, పీసీఎం మేలా?

సినిమా 5.1లోనే, అంటే ఆరు ఛానెళ్ల సరౌండ్ శబ్దంలోనే ఉంది, స్పీకర్లన్నీ కలిపే ఉన్నాయి. అయినా వెనక స్పీకర్లు పలకవు, సౌండ్‌బార్ మీద PCM అనే అక్షరాలు తప్ప ఇంకేమీ కనిపించదు. ఇలాంటప్పుడు చాలామంది స్పీకర్లనో కేబుల్‌నో అనుమానిస్తారు. ముందు చూడాల్సింది మాత్రం టీవీలోని డిజిటల్ ఆడియో సెట్టింగే. దీన్ని శామ్‌సంగ్‌లో Digital Output Audio Format అనీ, ఎల్‌జీలో Digital Sound Output అనీ, సోనీలో Digital audio out అనీ పిలుస్తారు.

స్ట్రీమింగ్ యాప్‌లు 5.1 శబ్దాన్ని ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో, అంటే కుదించి పంపుతాయి. దాన్ని ఎవరు విప్పాలన్నదే ఈ రెండు సెట్టింగుల మధ్య తేడా. పాస్‌త్రూ పెడితే టీవీ ఆ మూటను ముట్టుకోకుండా సౌండ్‌బార్‌కు అందిస్తుంది, విప్పే పని సౌండ్‌బార్‌ది. పీసీఎం పెడితే టీవీయే విప్పి, మామూలు శబ్దంగా మార్చి పంపుతుంది.

విప్పి పంపడంలో తప్పేముందంటే, చిక్కంతా దారిలోనే ఉంది. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల లెక్కన రెండు ఛానెళ్ల పీసీఎంకు సెకనుకు సుమారు 1.5 మెగాబిట్లు కావాలి. 5.1కు ఆరు ఛానెళ్లు కాబట్టి దాదాపు 4.6 మెగాబిట్లు. టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే సౌండ్‌బార్‌కు పంపే మామూలు ఏఆర్‌సీలో గానీ ఆప్టికల్ కేబుల్‌లో గానీ పీసీఎం రెండు ఛానెళ్లకే పరిమితం. అందుకే టీవీ ఆరింటినీ రెండుగా కలిపేస్తుంది. అదే 5.1 కుదించిన రూపంలో ఉంటే 640 కిలోబిట్లలోనే సరిపోతుంది కాబట్టి ఏఆర్‌సీలో హాయిగా వెళ్లిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. టీవీ పీసీఎంలో ఉంటే, బయటికి వెళ్లేది స్టీరియోనే అని యాప్‌కు కూడా తెలుస్తుంది. అప్పుడు కొన్ని యాప్‌లు ఆడియో జాబితాలో 5.1 గుర్తునే చూపించవు. సినిమాకే 5.1 లేదని మనం పొరబడతాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. టీవీలోని యాప్, ఏఆర్‌సీ, 5.1 సౌండ్‌బార్. సెట్టింగును PCM నుంచి Pass Throughకు మార్చండి. యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి; లేదంటే అది పాత సమాచారంతోనే నడుస్తుంటుంది. ఆడియో జాబితాలో 5.1 ఉన్న భాషను ఎంచుకోండి, ఎందుకంటే ఒకే సినిమాలో అసలు భాష 5.1లో ఉండి, డబ్బింగ్ స్టీరియోలో ఉండొచ్చు. సౌండ్‌బార్ మీద PCM పోయి Dolby Audio లాంటి మాట వస్తే పని అయినట్టే. అన్ని స్పీకర్లూ మోగుతున్నాయని మాత్రం నమ్మేయకండి. స్టీరియోనే అన్ని స్పీకర్లకూ పంచే మోడ్‌లు ఉంటాయి, చెవికి అది సరౌండ్‌లాగే అనిపిస్తుంది. లోపలికి వస్తున్న సిగ్నల్ పేరే నమ్మదగిన సాక్ష్యం.

పాస్‌త్రూ పెట్టగానే శబ్దమే పోతే, మీ సౌండ్‌బార్‌కు డాల్బీ డిజిటల్ ప్లస్ విప్పడం రాదని అనుకోవచ్చు. అలాంటప్పుడు అదే సెట్టింగులోని Auto మేలు. అవతలి పరికరానికి ఏం తెలుసో టీవీ అడిగి, చాలా టీవీల్లో పాత డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతుంది. ఆప్టికల్ కేబుల్ వాడేవాళ్లకూ ఇదే దారి, ఎందుకంటే డాల్బీ డిజిటల్ ప్లస్ ఆ కేబుల్‌లో వెళ్లదు. 5.1 దక్కుతుంది, పైనుంచి కూడా శబ్దం వస్తున్నట్టు వినిపించే డాల్బీ అట్మాస్ మాత్రం దక్కదు.

మరి పీసీఎం ఎప్పుడు మేలు? ఏఆర్‌సీకి మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ ఉన్నప్పుడు. అందులో ఆరు, ఎనిమిది ఛానెళ్ల పీసీఎం కూడా వెళ్తుంది. ఆపిల్ టీవీ 4కె లాంటి పెట్టె తానే శబ్దాన్ని విప్పి బహుళ ఛానెళ్ల పీసీఎంగా ఇస్తుంది. సౌండ్‌బార్ బదులు స్పీకర్లను నడిపే రిసీవర్ ఉండి, దాని మీద Multi Ch In అని కనిపిస్తే అది లోపం కాదు, పూర్తి 5.1 వస్తున్నట్టే. అయితే ఇక్కడా టీవీ సెట్టింగు PCMలో ఉండకూడదు. పెట్టె ఏ ఆకృతులు పంపొచ్చో టీవీని అడిగి తెలుసుకుంటుంది. టీవీ స్టీరియో అని చెబితే అదీ స్టీరియోనే ఇస్తుంది. టీవీలో ఈఏఆర్‌సీ ఆన్ చేసి, పాస్‌త్రూ పెట్టి, పెట్టెను మాత్రం పీసీఎం ఇవ్వనివ్వండి.

రెండే స్పీకర్లున్న సౌండ్‌బార్‌కు పీసీఎం చాలు, పాస్‌త్రూతో అదనంగా వచ్చేదేమీ లేదు. పైగా కొన్ని టీవీల్లో పాస్‌త్రూ పెడితే మెనూ శబ్దాలు వినిపించవు.

సెట్టింగులన్నీ మార్చినా PCM పోకపోతే, కేబుల్ టీవీ మీద ARC లేదా eARC అని రాసి ఉన్న పోర్టులోనే ఉందో లేదో చూడండి. తర్వాత టీవీ, సౌండ్‌బార్, పెట్టె మూడింటి ప్లగ్గులూ తీసి, ఓ నిమిషం ఆగి, ముందు సౌండ్‌బార్, తర్వాత టీవీ, చివర పెట్టె ఆన్ చేయండి. పరికరాలు ఒకదాన్నొకటి మళ్లీ అడిగి తెలుసుకునేది అప్పుడే.