ఈఆర్‌పీ సెటప్‌కి ముందు ఎక్సెల్ లిస్టా, బీపీఎంఎన్ బొమ్మా: ఏది మేలు?

కొనుగోళ్లు, స్టాకు, అమ్మకాలు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటున్న పలాస జీడి ఫ్యాక్టరీల వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కొనుగోలు నుంచి చెల్లింపు దాకా, ఆర్డర్ నుంచి వసూలు దాకా జరిగే పనిని ఎక్సెల్‌లో వరసగా రాసిస్తే చాలదా, పని నడిచే దారిని నిర్ణీత గుర్తులు, బాణాలతో చూపే బీపీఎంఎన్ బొమ్మ కూడా గీయాలా అని.

ఎక్సెల్ లిస్టు స్టోర్స్ గుమస్తాకి కూడా వెంటనే అర్థమవుతుంది. అంతా అనుకున్నట్టు సాగే పనికి అది చాలు. కానీ పిక్కల కొనుగోలు ఎప్పుడూ అలా సాగదు కాబట్టి నేను బీపీఎంఎన్ వైపే ఉంటాను.

ఒక లారీ పిక్కలు వచ్చాయనుకుందాం. బిల్లులో 8,000 కిలోలు, కాటాలో 7,940. తేమ రిపోర్టు మర్నాడు గానీ రాదు. ఎక్సెల్‌లో ఇదంతా ‘సరుకు చెక్ చేసి దించుకోవాలి’ అనే ఒకే గడి. బొమ్మలో అలా కుదరదు. తూకం తర్వాత డైమండ్ గుర్తు పెట్టి, అందులోంచి వెళ్లే ప్రతి బాణం మీదా షరతు రాయాలి. 60 కిలోలంటే ముప్పావు శాతం. అంత తేడా వదిలేస్తారా? లేకపోతే డెబిట్ నోట్ ఎవరు వేస్తారు? తేమ రిపోర్టు వచ్చేదాకా బిల్లు ఎవరి దగ్గర ఆగుతుంది? ఈ జవాబులే తర్వాత ఈఆర్‌పీలో టాలరెన్స్ శాతం, డెబిట్ నోట్ అనుమతి, పేమెంట్ బ్లాక్ అవుతాయి. బొమ్మలో బాణం లేకపోతే సెటప్ చేసేవాడు తనకు తోచింది పెట్టేస్తాడు.

సరఫరాదారుణ్ణి వేరే పూల్‌లో, అంటే మన పనికి బయట విడిగా ఒక పెట్టెలో గీయడం ఇంకా ముఖ్యం. రెండు పూల్‌ల మధ్య తెగితెగి ఉండే గీతగా మెసేజ్ మాత్రమే వెళ్లాలి, పని క్రమం చూపే బాణం దాటకూడదు. అలా గీస్తే లారీ రాక, బిల్లు రాక రెండు వేర్వేరు గీతలుగా విడిపోతాయి. వాట్సాప్‌లో బిల్లు ముందే వచ్చేస్తే ఏం చేయాలో అప్పుడు తేల్చుకోక తప్పదు.

అమ్మకం వైపు ఇంత అవసరం లేదు. డిస్పాచ్, ఇన్వాయిస్ దాకా ఎక్సెల్ సరిపోతుంది. వసూలు భాగం మాత్రం గీయండి. డీలర్ మూడు బిల్లులకి కలిపి రౌండ్‌గా 5 లక్షలు వేస్తే ఏ బిల్లుకి ఎంత జమ కట్టాలో అక్కడ తేలాలి.

ఈఆర్‌పీ కంపెనీ ఇచ్చే రెడీమేడ్ బొమ్మలు పోల్చుకోవడానికి పనికొస్తాయి, అంతే. గుర్తులు కూడా మొదలు, ముగింపు, పని, డైమండ్, మెసేజ్ చాలు. రేట్లు, జీఎస్టీ, ఐటెం కోడ్‌లు బొమ్మలో ఇరికించకండి, వాటికి ఎక్సెలే మేలు.

గీశాక నిరుడు గొడవైన బిల్లులు కొన్ని తీసి, అకౌంట్స్, స్టోర్స్ వాళ్లని కూర్చోబెట్టి ఒక్కొక్కటి బొమ్మ మీద వేలితో నడిపించండి. ఒక్క బిల్లు మధ్యలో ఆగినా ఇంకా సెటప్ మొదలుపెట్టనివ్వకండి.