పచ్చ అంచుకు మందు: సగటు లెక్కా, గరిష్ఠం లెక్కా?

యూసుఫ్‌గూడలో ఒక చిన్న స్టూడియోలో తీసిన ఇంటర్వ్యూ నా దగ్గరికి ఎడిటింగ్‌కి వచ్చింది. యాంకరమ్మ పసుపు పట్టుచీర కట్టుకుని గ్రీన్ స్క్రీన్‌కి మూడడుగుల దూరంలోనే కూర్చుంది. వెనకున్న ఆకుపచ్చని తీసేసే కీ బాగానే వచ్చింది గానీ జుట్టు చుట్టూ, చెంప పక్కన ఆకుపచ్చ ఛాయ మిగిలిపోయింది.

చాలామంది ముందు చేసేది మ్యాట్‌ని, అంటే కీ ఇచ్చిన మనిషి ఆకారపు కటౌట్‌ని, రెండు పిక్సెళ్లు లోపలికి నొక్కడం. అంచు పోతుంది, దాంతోపాటు విడివిడి వెంట్రుకలూ పోతాయి. అయినా చెంప మీద పడిన పచ్చ వెలుగు ఎక్కడికీ పోదు. కాబట్టి మ్యాట్‌ని అలాగే ఉంచి, రంగు మీదే పని చేయాలి. దానికి రెండు లెక్కలున్నాయి. న్యూక్ అనే కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఎక్స్‌ప్రెషన్ నోడ్‌లో గ్రీన్ ఛానెల్‌కి ఇలా రాస్తాం:

```
g > (r+b)/2 ? (r+b)/2 : g
g > max(r,b) ? max(r,b) : g
```

మొదటిది సగటు లెక్క: ఎరుపు, నీలం సగటును ఆకుపచ్చ దాటకూడదు. రెండోది గరిష్ఠం: ఆ రెండింట్లో పెద్దదాన్ని దాటకూడదు.

చెంప అంచున ఒక పిక్సెల్ చూశాను: ఎరుపు 205, ఆకుపచ్చ 185, నీలం 135. సగటు లెక్క ఆ 185ని 170కి దించింది, చర్మం మళ్లీ చర్మంలా కనిపించింది. గరిష్ఠం లెక్కకి ఇక్కడ పనే లేదు, 185 ఎలాగూ 205 కన్నా తక్కువే కదా. చర్మానికి సగటే మేలు.

అదే చీర మీదికి వస్తే కథ తిరగబడింది. 220, 190, 40 ఉన్న పసుపులో 190 కాస్తా 130 అయింది. పట్టుచీర కనకాంబరం రంగుకి దిగింది! మనం పసుపునీ ఆకునీ రెండింటినీ ‘పచ్చ’ అంటాం; సగటు లెక్కకీ ఆ తేడా తెలియదు. గరిష్ఠం మాత్రం చీరని ముట్టుకోలేదు.

అందుకే ముఖం, జుట్టు వరకు మాస్క్ గీసి లోపల సగటు, బయట గరిష్ఠం పెట్టాను. మాస్క్ అంచు మెత్తగా ఉండాలి, లేకపోతే మెడ దగ్గర గీత పడుతుంది. ఒంటి మీద పసుపు, లేత ఆకుపచ్చ లాంటివి లేకపోతే ఈ తంటా అక్కర్లేదు, మొత్తానికీ సగటు పెట్టేయొచ్చు. ఏది పెట్టినా కీ మాత్రం ముట్టుకోని ఒరిజినల్ ఫుటేజ్ నుంచే తీయాలి. పచ్చ తీసేసిన కాపీ నుంచి తీస్తే కీయర్‌కి పట్టుకోవడానికి రంగే మిగలదు.

సగటుకి ఇంకో జబ్బుంది. వెలుగులో ఎక్కువ వాటా ఆకుపచ్చదే, దాన్ని కోస్తే అంచు నల్లబడుతుంది. వెనక రాత్రి ట్యాంక్‌బండ్ పెడితే ఎవరికీ తెలియదు. మాకు పగటి బ్యాక్‌గ్రౌండ్ కావడంతో జుట్టు చుట్టూ కాటుక గీసినట్టుంది. కోసేసిన ఆకుపచ్చ ఎంతో ఒరిజినల్‌లోంచి తీసివేతతో పట్టుకుని, బాగా బ్లర్ చేసిన బ్యాక్‌గ్రౌండ్‌ని దాంతో గుణించి, ఆ వెలుగుని అంచుకి కలిపాను. వెంట్రుకల్లోంచి వెనకున్న ఆకాశం కనిపించడం మొదలైంది.