బల్లార్షా ఎండల్లో ఆరున్నరేళ్లు నడిచిన ట్యూబులర్ బ్యాటరీ

2018 దసరాకు ఇన్వర్టర్ కోసం కొన్న 150 ఏహెచ్ టాల్ ట్యూబులర్ బ్యాటరీని ఈ ఏడాది ఎండలు ముదరకముందే దించేశాను. ఇంట్లో మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, వైఫై, అన్నీ కలిపి 270 వాట్ల దాకా దీని మీదే నడిచేవి. కరెంటు పోతే కొత్తలో నాలుగు గంటలకు పైగా బ్యాకప్ వచ్చింది. కూలర్ మాత్రం ఏనాడూ దీనికి కలపలేదు. మా వీధిలో చాలామంది కలుపుతారు, రెండో వేసవికే బ్యాటరీ మీద పడి ఏడుస్తారు.

చంద్రపూర్ జిల్లా ఎండ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో 46, 47 డిగ్రీలు మాకు మామూలే. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. ఆ పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ రంగంలో ఉన్నవాళ్లు లెక్క వేస్తారు. అందుకే షాపువాళ్లు రేకుల వరండాలో పెడతామన్నా ఒప్పుకోకుండా, వంటింటి వెనక ఉత్తరం వైపు నడవలో పెట్టించాను. అక్కడ కిటికీ ఉంది, గాలి ఆడుతుంది. ఛార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి మూసిన అల్మారాలో గానీ, దేవుడి దీపం దగ్గర గానీ దీన్ని పెట్టకూడదు.

ఎండాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు మూడు నెలలకోసారి నీళ్లు పోశాను. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేమీ పోయలేదు. ఆర్ఓ నీళ్లు చాలవా అని మా పక్కింటి వదిన అడిగేది. చాలవు, వాటిలో ఇంకా లవణాలుంటాయి. ఆవిరై పోయేది నీరే, యాసిడ్ కాదు. కాబట్టి మట్టం తగ్గిందని యాసిడ్ పోయించుకుంటే ప్లేట్లు తినేస్తుంది. అలా పోసే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు.

నీళ్లు ఎప్పుడు పోయాలన్నదానికీ ఒక లెక్క ఉంది. ఛార్జ్ పూర్తయ్యాక పోయాలి. ఛార్జ్ అయ్యేటప్పుడు ద్రవం పైకి లేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడే గీత దాకా నింపితే తర్వాత మూతల దగ్గర్నుంచి పొంగి యాసిడ్ బయటికొస్తుంది. పోయిన యాసిడ్ ఇక తిరిగి రాదు, పైగా టెర్మినళ్లు తుప్పు పడతాయి. ప్లేట్లు బయటపడేంత తగ్గితే మాత్రం ఆగకూడదు. అవి మునిగేంత వరకు పోసి, ఛార్జ్ అయ్యాక మిగతాది నింపాలి.

రేటింగ్‌లో ఒక స్టార్ తగ్గిస్తున్నాను, అది నీటి మట్టం చూపే ఫ్లోట్ల వల్లే. మూడో ఏడు దాటాక రెండు ఫ్లోట్లు పైనే ఇరుక్కుపోయాయి. లోపల నీళ్లు దిగిపోయినా పచ్చ గీత కనిపిస్తూనే ఉంది. అప్పటి నుంచి పోసే ముందు ప్రతి ఫ్లోట్‌నూ వేలితో కిందికి నొక్కి చూసేవాణ్ణి. మళ్లీ పైకి తేలితే సరే. తేలకపోతే మూత విప్పి టార్చి వేసి చూడాలి. గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి. యాసిడ్ చుక్క పడిన లుంగీకి ఉతికాక చిల్లు కనిపిస్తుంది.

నాలుగో ఏడు చివర్లో బ్యాకప్ ఉన్నట్టుండి గంటన్నరకు పడిపోయింది. షాపు కుర్రాడు వచ్చి చూసి, "అన్నా, బ్యాటరీ అయిపోయింది, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. పాజిటివ్ టెర్మినల్ చుట్టూ నీలం, పచ్చ కలిసిన పొడి పేరుకుని ఉంది. ఫ్యాన్లు తిరుగుతుండగా మల్టీమీటర్ పుల్ల ఒకటి సీసం పోస్టు మీద, రెండోది దానికి బిగించిన కేబుల్ లగ్గు మీద పెట్టాను. ఆ రెంటి మధ్య తేడా దాదాపు సున్నా రావాలి. అర వోల్టు చూపించింది. లోడ్ మీద పాతిక ఆంపియర్లు పోతున్నాయి కాబట్టి ఆ కీలు దగ్గరే పన్నెండు వాట్లు వేడిగా పోతున్నట్టు. బ్యాటరీలో ఇంకా దమ్మున్నా, ఇన్వర్టర్‌కి చేరే వోల్టేజీ తగ్గి అది ముందే కట్ చేసేస్తోంది.

శుభ్రం చేసేముందు ఇన్వర్టర్ స్విచ్ ఆపి, గోడ ప్లగ్గు తీయాలి. ముందు నెగటివ్ విప్పాలి, తర్వాత పాజిటివ్. పానా రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగలకుండా దాని పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టాను. ఆరు సెల్స్ మూతలూ బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకుని, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. నురగ రావడం ఆగేదాకా రుద్దాలి. సోడా నీళ్లు సెల్ లోపలికి పోతే యాసిడ్‌ను చంపేస్తాయి. మామూలు నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, పోస్టునీ లగ్గునీ సన్న సాండ్‌పేపర్‌తో మెరిసేదాకా గీశాను. పాజిటివ్ ముందు, నెగటివ్ చివర బిగించి, ఆ పైన వాజలిన్ రాశాను. బిగించకముందే మధ్యలో పూయకూడదు. మీటర్‌లో తేడా దాదాపు మాయమైంది, బ్యాకప్ మూడున్నర గంటలకు తిరిగొచ్చింది. ఆ కుర్రాడి మాట వినుంటే వేలల్లో వదిలేది.

అసలు చావు ఈ ఏడాది వచ్చింది. మళ్లీ బ్యాకప్ గంటకు దిగింది, ఈసారి టెర్మినళ్లు శుభ్రంగానే ఉన్నాయి. ఒక సెల్ మాత్రం మిగతావాటికంటే ఎక్కువ నీళ్లు తాగుతోందని చలికాలం నుంచే గమనిస్తున్నాను. రాత్రంతా ఛార్జ్ పెట్టి తెల్లవారి హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్‌లో యాసిడ్ సాంద్రత కొలిచాను. బ్యాటరీ 40 డిగ్రీలకు వేడెక్కి ఉంటే ఆ మీటర్ పది పాయింట్ల దాకా, అంటే 0.010 దాకా తక్కువ చూపిస్తుంది, అందుకే పొద్దున్నే కొలవడం మంచిది. అప్పుడే నీళ్లు పోసిన సెల్‌ని కూడా కొలవకూడదు, పైన తేలే నీటినే పీల్చి తప్పు చెబుతుంది. నిండా ఛార్జైన ట్యూబులర్‌కి 1.240 రావాలి. ఐదు సెల్స్ 1.220, 1.230 దగ్గర ఉన్నాయి. నాలుగోది 1.150. పాతబడ్డాక సెల్స్ మధ్య కాస్త తేడా సహజమే కానీ, ముప్పై పాయింట్లు దాటితే అనుమానించాలి. ఇక్కడ డెబ్బై ఉంది. రోజంతా కరెంటు ఉన్న ఆదివారం ఆపకుండా ఛార్జ్ పెట్టినా ఆ సెల్ కదలలేదు. ఐదు సెల్స్ బాగానే ఉన్నా, సిరీస్‌లో ఒక్కటి కుంగితే మొత్తం పెట్టె కుంగినట్టే. ఒక్క సెల్ మార్చే బేరాలు చెప్పేవాళ్లుంటారు, ఈ వయసు బ్యాటరీకి ఆ ఖర్చు దండగ.

ట్యూబులర్‌కి ఐదు నుంచి ఏడేళ్లు, ఫ్లాట్ ప్లేట్‌కి మూడు నాలుగేళ్లు అనుకోవచ్చు. మా దగ్గర ఎండకు తక్కువ వైపే నిలబడుతుంది. ఇన్వర్టర్ వెనక బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్ ఉంటే, మీ బ్యాటరీకి సరిపడా వైపు ఉందో చూసుకోండి. తప్పు వైపు ఉంటే అతిగా ఛార్జ్ అయి నీళ్లు మరిగిపోతాయి, లేదా ఎప్పటికీ నిండక ప్లేట్లకు సల్ఫేట్ గట్టిపడుతుంది.

పాతదాన్ని యాసిడ్ ఒలకబోసి సీసం తీసుకునే గుజరీవాడికి ఇవ్వలేదు. కొత్తది అమ్మిన షాపే ఎక్స్ఛేంజ్‌లో తీసుకుని బిల్లులో తగ్గించింది. కొత్తదాన్ని ఆటో ఎక్కించకముందే వోల్టేజీ కొలవమన్నాను. షాపులో నెలల తరబడి కూర్చున్న బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది. మొదట తెచ్చిన పెట్టె 12.2 చూపించింది, వద్దన్నాను. రెండోది 12.5 ఉంది. తయారీ కోడ్ నెలేమిటో అడిగి, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను.